శనివారం దుబాయ్ ప్రయాణం: పొద్దున్నుంచి గేటు దాకా

విమానం మధ్యాహ్నం 1:40కి. ఏవండీ, చిన్నీ, ఇద్దరూ ఇది రాత్రే ఒకసారి చదవండి. బంటీకి నేను చెప్తాను.

5:15 – నేను, మీరు లేస్తాం. మీరు స్నానం చేసి వచ్చేలోగా ఇడ్లీ పెట్టేస్తాను. పిల్లల్ని 6:15 వరకు లేపొద్దు. నిద్ర చాలకపోతే బంటీ దారంతా ఏడుస్తాడు.

6:15 – పిల్లల స్నానాలు. చిన్నీ, నీ బట్టలు కుర్చీ మీదే పెట్టాను, బీరువా తెరవకు.

7:00 – టిఫిన్. బంటీకి రెండు ఇడ్లీలు చాలు, కారులో వాంతి చేసుకుంటాడు. గిన్నెలు వెంటనే కడిగేస్తాను.

7:45 – పెట్టెలు చివరిసారి చూడటం. ఇక్కడ తొందర వద్దు. అత్తయ్యగారు పంపిన మసాలా పొడిలో గసగసాలు ఉన్నాయి, అది ఇంట్లోనే ఉంచాలి. దుబాయ్‌లో గసగసాలు నిషేధం, కొంచెమైనా సరే. ఆవకాయ డబ్బాకి రెండు కవర్లు చుట్టి పెద్ద పెట్టెలో పెట్టాను. పవర్ బ్యాంకులు మాత్రం చేతి బ్యాగులోనే. కొక్కెం త్రాసుతో తూచాను: ఒకటి 22 కిలోలు, రెండోది 23. మనకు ఒక్కోదానికి 25 వరకు ఉంది. పోయినసారి కౌంటర్ ముందు అందరూ చూస్తుండగా పెట్టె విప్పి చీరలు తీశాను, ఆ టెన్షన్ మళ్లీ వద్దు.

8:30 – గ్యాస్ రెగ్యులేటర్, మోటార్, గీజర్ మీరు చూడండి. ఫ్రిజ్‌లో పెరుగు, తాళం పక్కింటి ఆంటీకి ఇస్తాను.

8:50 – గడప దాటాలి. 9 నుంచి 10:30 రాహుకాలం, అత్తయ్యగారికి మాటిచ్చాను. తాళం వేసేముందు పాస్‌పోర్టులు లెక్కపెట్టండి: నాలుగు. అవి, వీసా ప్రింట్లు మీ మెడలో వేసుకునే పర్సులోనే ఉండాలి, ఇంకెవరి చేతికీ ఇవ్వొద్దు.

కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి మీదుగా ఓఆర్ఆర్ ఎక్కితే 10:20కి శంషాబాద్‌లో ఉంటాం. ట్రాఫిక్ ఎంత ఉన్నా 10:45 దాటదు.

10:45 – లోపలికి వెళ్లే ద్వారం దగ్గర టికెట్, పాస్‌పోర్టు చూపించాలి. తర్వాత చెకిన్. కౌంటర్ 12:40కి మూసేస్తారు, మనకు చాలా సమయం ఉంది. నలుగురికీ పక్కపక్క సీట్లు అడగండి, కనీసం బంటీ నా పక్కన ఉండాలి.

11:30 – ఇమిగ్రేషన్. నలుగురం కలిసే నిలబడదాం. ఆఫీసర్ పేరు అడిగితే, చిన్నీ, నువ్వే చెప్పు, భయం లేదు.

11:55 – సెక్యూరిటీ. నీళ్ల సీసాలు ముందే ఖాళీ చేయాలి, లోపల మళ్లీ నింపుకోవచ్చు. మీ బెల్టు, ల్యాప్‌టాప్ ట్రేలో. బయటికి వచ్చాక మళ్లీ లెక్క: నాలుగు పాస్‌పోర్టులు, నాలుగు బోర్డింగ్ పాస్‌లు.

12:30 – గేటు. ముందు గేటు నంబరు తెరమీద చూసి అక్కడ కూర్చుందాం, దుకాణాలు ఆ తర్వాతే. పులిహోర డబ్బా అక్కడ తెరుస్తాను. బోర్డింగ్ 12:50కి మొదలవుతుంది. మీరు బంటీని బాత్రూమ్‌కి తీసుకెళ్లి రండి, ఈలోగా నేను అత్తయ్యగారికి ఫోన్ చేస్తాను.