ట్రిపనోసోమా కోటు మారుస్తుంది, యాంటీబాడీ తేలుస్తుంది

ట్రిపనోసోమా రోగనిరోధక వ్యవస్థను ఎలా తప్పించుకుంటుందో రాయమని ఇమ్యునాలజీ పేపర్లో ఎస్సే ప్రశ్న పడితే చాలు, విశాఖలో నేను దిద్దే జవాబుల్లో ఒక వాక్యం ఖాయం: "యాంటీబాడీలు తయారవగానే పరాన్నజీవి తన కోటు మార్చుకుంటుంది." వినడానికి బాగానే ఉంటుంది గానీ తప్పు. కోటు మారేది ముందు, దాన్ని బయటపెట్టేది యాంటీబాడీ. ఈ వరస పట్టుకుంటే మిగతాదంతా దాని వెనకే వస్తుంది.

ట్రిపనోసోమా బ్రూసీ ఆఫ్రికాలో సెట్సీ ఈగ కాటుతో వచ్చి నిద్రజబ్బు తెస్తుంది. మన దగ్గర సెట్సీ లేదు. దీని దగ్గర బంధువు ట్రిపనోసోమా ఇవాన్సీని జోరీగలు మోస్తాయి. గేదెలకు, గుర్రాలకు వచ్చే సర్రా అదే. 2000లో పక్కనే ఒడిశాలో, నందన్‌కానన్ జూలో పులులు చనిపోయింది కూడా ఈ జబ్బుతోనే. రెండింటి ఎత్తుగడ ఒకటే.

మలేరియా పరాన్నజీవి ఎర్ర కణంలో దూరి దాక్కుంటుంది. ట్రిపనోసోమాకు ఆ చాటు లేదు, ప్లాస్మాలో బాహాటంగా ఈదుతుంది. అందుకే దాని బతుకంతా కోటు అనే ఈ పైతొడుగు మీదే ఆధారం. ఒక్కో కణం మీద దాదాపు కోటి వేరియంట్ సర్ఫేస్ గ్లైకోప్రోటీన్ (వీఎస్‌జీ) అణువులు, జంటలు జంటలుగా, జీపీఐ లంగరుతో పొరకు అతుక్కుని కిక్కిరిసి ఉంటాయి. యాంటీబాడీకి ప్రధానంగా అందేది వాటి పైభాగమే. ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకం లాంటివి కశాభం మొదట్లో ఉండే చిన్న సంచిలో దాగి ఉంటాయి.

ఇంత దట్టంగా, ఒకే నమూనాలో ఉన్న యాంటిజెన్‌ని బి కణాలు త్వరగానే పసిగడతాయి. టి కణాల సాయం పెద్దగా లేకుండానే ముందు ఐజీఎం వస్తుంది. కాంప్లిమెంట్, కాలేయంలోని కుఫర్ కణాలు కలిసి ఆ కోటు వేసుకున్నవాటిని ఊడ్చేస్తాయి. రోగనిరోధక వ్యవస్థ ఇక్కడ విఫలమైందని రాయకండి, తన పని తాను బాగానే చేసింది. యాంటీబాడీ కొద్దిగా ఉన్నప్పుడు మాత్రం పరాన్నజీవికి ఇంకో ఉపాయం ఉంది: అది ముందుకు ఈదుతుంటే, యాంటీబాడీ అంటుకున్న వీఎస్‌జీ ప్రవాహం తోపుకి వెనక్కి జారి ఆ సంచిలోకి పోతుంది. లోపల యాంటీబాడీ జీర్ణమైపోతుంది, వీఎస్‌జీ తిరిగి పైకి వస్తుంది. అంతా నిమిషాల్లో ముగుస్తుంది. యాంటీబాడీ ఎక్కువైతే ఇది చాలదు.

ఇక జన్యువుల సంగతి. జీనోమ్‌లో రెండు వేలకు పైగా వీఎస్‌జీ జన్యువులు, సూడోజీన్లు ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం అసంపూర్ణం. రక్తంలో ఉన్నప్పుడు వీఎస్‌జీ తయారయ్యేది టెలోమియర్ పక్కన ఉండే ఎక్స్‌ప్రెషన్ సైట్ల నుంచే. ఎక్కువగా పరిశోధించిన లాబ్ రకంలో అవి పదిహేను దాకా ఉన్నాయి. సభలో పదిహేను మైకులున్నా ఒక్కటే ఆన్‌లో ఉన్నట్టు, ఒక సమయంలో ఒక్క సైటే పనిచేస్తుంది. దాన్ని చదివేది మామూలుగా రైబోసోమల్ ఆర్‌ఎన్‌ఏ పని చూసే ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్-1. ప్రోటీన్ జన్యువుకి ఇది చాలా అరుదు, జవాబులో తప్పక రాయండి.

మార్పు ముఖ్యంగా రెండు దారుల్లో జరుగుతుంది. ఒకటి, ఈ సైటు ఆగి ఇంకో సైటు మొదలవడం. రెండోది, ఎక్కువగా జరిగేది జీన్ కన్వర్షన్: మరోచోట ఉన్న వీఎస్‌జీ ప్రతి ఒకటి తయారై, నడుస్తున్న సైటులోని జన్యువు స్థానంలో కూర్చుంటుంది. ముందుండే 70 బేస్ జతల పునరావృతాలు దానికి పట్టు ఇస్తాయి. కొత్త ప్రోటీన్ వచ్చినా పాతది వెంటనే పోదు, కొంతకాలం కోటు కలగలుపుగానే ఉంటుంది.

ఇదంతా యాంటీబాడీతో పని లేకుండా, యాదృచ్ఛికంగా జరుగుతుంది. ఈగ ద్వారా వచ్చిన రకాల్లో వెయ్యి విభజనలకు ఒకటి చొప్పున మారవచ్చు. లాబ్‌లో ఏళ్లుగా పెంచినవాటిలో ఇది చాలా తక్కువ. రక్తంలో కోటి కణాలు ఉన్నాయనుకుంటే ఒక్క తరంలోనే పదివేలు వేరే కోటుతో పుడతాయి. యాంటీబాడీ వచ్చి పాతకోటువాళ్లను చంపితే మైదానం వీటిదే. అందుకే గ్రాఫ్ గీసేటప్పుడు రెండో రకం గీత మొదటి అల పడిపోయాక కాదు, అది ఇంకా పైకెక్కుతున్నప్పుడే అడుగున మొదలవ్వాలి. రోనాల్డ్ రాస్, డేవిడ్ థామ్సన్ 1910లోనే ఒక రోగి రక్తంలో పరాన్నజీవులను లెక్కపెట్టి ఈ అలలను గీసి చూపించారు. అయితే అలకు ఒక కోటు అనుకోవడం కాస్త పాతబడింది. 2015లో ఎలుకల మీద చేసిన పరిశీలనలో ఒకే అలలో ఎన్నో వీఎస్‌జీలు కలిసి కనిపించాయి. అల దిగడానికి యాంటీబాడీ ఒక్కటే కారణం కాదు కూడా: సంఖ్య పెరిగితే పరాన్నజీవే కొంత భాగాన్ని విభజన ఆపిన పొట్టి రూపంలోకి మార్చుకుంటుంది.

రోజులు గడిచేకొద్దీ చెక్కుచెదరని జన్యువులు అయిపోతూ వస్తాయి. అప్పుడు సూడోజీన్ల ముక్కలు అతికి మొజాయిక్ వీఎస్‌జీలు పుడతాయి. ముక్కలు రకరకాలుగా కలుస్తాయి కాబట్టి సరుకు తరగదు. ఏ ఒక్క వీఎస్‌జీ మీదా టీకా నిలబడకపోవడానికి ఇదో కారణం. దీనికి తోడు బి కణాలే దెబ్బతింటాయి. ఎలుకలకు ముందుగా డీపీటీ తరహా టీకా వేసి, తర్వాత ట్రిపనోసోమా ఎక్కిస్తే, అంతకుముందు కోరింతదగ్గు మీద వచ్చిన రక్షణ కూడా పోయింది.