ఎన్నో బోరుకు నీళ్లు పడతాయి? E = 1/p ని రెండు దారుల్లో రాబట్టడం

నిన్న క్లాసు అయ్యాక కనగల్ వైపు నుంచి వచ్చే ఒక విద్యార్థి అడిగాడు: "సార్, మా బత్తాయి తోటలో మూడు బోర్లు వేస్తే మూడూ ఫెయిలైనయి. నాలుగోది పడుతుందని నాన్న అంటుండు. లెక్క ప్రకారం నిజమేనా?" ఆ ప్రశ్నను పట్టుకునే ఈ నోట్సు రాస్తున్నాను.

మన నల్లగొండలో కింద గట్టి గ్రానైటు బండ. ఆ బండలో పగులు తగిలితే నీళ్లు, లేకపోతే దుమ్మే. ఒక బోరు పడే సంభావ్యత p అనుకుందాం, ఫెయిలయ్యేది q = 1 − p. ప్రతి బోరుకూ p అదే, ఒక బోరు ఫలితం ఇంకోదాని మీద ఆధారపడదు అనేవి మన ఊహలు. మొదటిసారి నీళ్లు పడిన బోరు నంబరు X. అది k కావాలంటే ముందున్న k − 1 బోర్లూ ఫెయిలవ్వాలి, k-వది పడాలి:

P(X = k) = q^(k−1) · p,  k = 1, 2, 3, …

ఇదే జామెట్రిక్ డిస్ట్రిబ్యూషన్. సగటున ఎన్ని బోర్లు అవసరమవుతాయి, అంటే E(X) ఎంత? p సున్నా కాదు, 1 కన్నా ఎక్కువ కాదు.

మొదటి దారి: శ్రేణిని కూడటం

మొదటి n పదాల మొత్తాన్ని S అందాం. దాన్ని q తో గుణించి, ఒక గడి కుడికి జరిపి కింద రాయండి.

S = p + 2pq + 3pq² + … + n·p·q^(n−1)
qS = pq + 2pq² + … + (n−1)·p·q^(n−1) + n·p·q^n

తీసివేస్తే 2 లోంచి 1 పోయి 1, 3 లోంచి 2 పోయి 1. ప్రతి పదానికీ ఒకటే మిగులుతుంది:

(1 − q)S = p(1 + q + … + q^(n−1)) − n·p·q^n

ఎడమవైపు pS. కుడివైపు గుణశ్రేఢి మొత్తాన్ని p తో గుణిస్తే 1 − q^n. కాబట్టి

pS = 1 − q^n − n·p·q^n

n పెరిగే కొద్దీ q^n సున్నాకు చేరుతుంది. n·q^n కూడా అంతే. n పెరుగుతున్నా q^n అంతకన్నా చాలా వేగంగా తగ్గిపోతుంది. ఈ మాట రాయకుండా నేరుగా అనంత శ్రేణిని తీసివేసేవాళ్లే ఎక్కువ. పరీక్షలో ఒక్క వాక్యం రాయండి చాలు. పరిమితి తీసుకుంటే pE = 1, అంటే E = 1/p.

రెండో దారి: మొదటి బోరు దగ్గర ఆగి చూడటం

నాకు ఇదే ఎక్కువ ఇష్టం. మొదటి బోరు ఎలాగూ వేయాలి, కాబట్టి 1 ఖాయం. p సంభావ్యతతో నీళ్లు పడతాయి, పని అయిపోయింది. q సంభావ్యతతో ఫెయిలవుతుంది. అప్పుడు మనం మళ్లీ మొదటికే వచ్చాం, ఇంకా సగటున E బోర్లు కావాలి.

E = p·1 + q·(1 + E) = 1 + qE

అంటే (1 − q)E = 1, మళ్లీ E = 1/p. ఇక్కడ చాలామంది q·(1 + E) బదులు qE రాస్తారు, E = 1 వస్తుంది. ఫెయిలైన బోరుకు కూడా డబ్బు కట్టాం కదా, దాన్ని లెక్కలోంచి తీసేయకూడదు.

ఒక జాగ్రత్త. E పరిమిత సంఖ్య అని తెలిస్తేనే qE ని అటు నుంచి ఇటు తేవచ్చు. E అనంతమైనా E = 1 + qE సరిపోతుంది కాబట్టి ఆ సమీకరణం ఒక్కటే చాలదు. ఆ హామీ మొదటి దారి ఇస్తుంది. రెండూ నేర్చుకోమనేది అందుకే.

ఆ విద్యార్థి ప్రశ్నకు

p = 1/4 అనుకుంటే E = 4. కానీ "నాలుగోది తప్పక పడుతుంది" అని దీని అర్థం కాదు. నాలుగూ ఫెయిలయ్యే సంభావ్యత (3/4)^4 = 81/256, దాదాపు 0.32. పదికి పదీ ఫెయిలయ్యేది దాదాపు 0.056, అంటే వందమంది రైతుల్లో అయిదారుగురు. మూడు ఫెయిలయ్యాక కూడా నాలుగోది పడే అవకాశం అదే 1/4, ఇంకా కావలసిన సగటు అదే 4. రెండో దారిలో "మళ్లీ మొదటికే వచ్చాం" అన్న మాటలో ఉన్నది ఇదే. బోరుకు 80,000 రూపాయలు అనుకుంటే, ముందు పోయిన 2,40,000 రూపాయలు లెక్కకు ఏమీ సాయం చేయవు, ఇంకా సగటున 3,20,000 కావాలి.

నిజానికి ఇంతకన్నా కష్టమైన సంగతి ఉంది. మీ పొలంలో p ఎంతో ముందుగా ఎవరికీ తెలియదు. అన్ని బోర్లూ ఒకే బండ మీద వేసినవే. వరుసగా మూడు ఫెయిలైతే ఆ పొలంలో p మనం అనుకున్నదానికన్నా చిన్నదేమో అని అనుమానించాలి. p చిన్నదైతే 1/p పెద్దదవుతుంది: 1/4 కి 4, 1/10 కి 10. అంటే నాలుగో బోరు మీద నమ్మకం పెరగడం కాదు, తగ్గాలి. బోరుబండిని పిలిచే ముందు ఈ పేజీ నాన్నకు చదివి వినిపించు.