9 చుక్కలు, 5 వరకు | సందు చుక్క ఏడు పూల ముగ్గు | ధనుర్మాసం, గొబ్బెమ్మలకు సరిపోయే డిజైన్ | చివర్లో ఉలన్ బంతిపూల తోరణం

కష్టం: మధ్యస్థం. చుక్కలు పెట్టడం వస్తే చాలు, చెయ్యి తిరిగి ఉండక్కర్లేదు.
సమయం: గీతలకు 20 నిమిషాలు, రంగులకు 25 నిమిషాలు. వీడియో 7 నిమిషాల లోపే ఉందంటే స్పీడ్ పెంచడం వల్లే. ఇక్కడ రాసింది గడియారం చూసి రాసిన టైమ్, చుక్కలు పెట్టడం కూడా కలిపి.
స్టెప్పులు: 7
సైజు: చుక్కకీ చుక్కకీ నాలుగు వేళ్ల ఎడం పెడితే సుమారు రెండడుగులు. అపార్ట్‌మెంట్ గుమ్మం ముందైతే రెండు వేళ్ల ఎడం పెట్టండి.

కావలసినవి: ముగ్గుపిండి, అందులో నాలుగు గుప్పెళ్లకు ఒక గుప్పెడు బియ్యప్పిండి. పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగు పొడులు, జల్లించిన సన్న ఇసుక, టీ వడపోత, పాత చీపురు పుల్ల. టైల్స్ మీద వేసేవాళ్లకు సుద్దముక్క.

రంగు ఒక వంతుకు ఇసుక రెండు వంతులు కలిపితే జారకుండా సమంగా పడుతుంది. చాలామంది ఉప్పు కలుపుతారు. మెరుపు వస్తుంది, నిజమే. కానీ తులసికోట దగ్గర వేసే ముగ్గులో ఉప్పు వద్దు, మర్నాడు వాకిలి కడిగితే ఆ నీళ్లు మొక్క మొదట్లోకే పోతాయి.

0:00 కళ్లాపి. నేల పూర్తిగా ఆరకముందే, చెమ్మ ఉండగానే మొదలుపెట్టాలి.

0:35 చుక్కలు. ముందు నడిమి వరుస 9. దాని పైనా కిందా 8, 7, 6, 5. మొత్తం 9 వరుసలు, 61 చుక్కలు. ఇది సందు చుక్క. అంటే పై వరుస చుక్క కింది రెండు చుక్కల సందులోకి రావాలి, నెత్తి మీదకి కాదు. వరుస వంకర పోయిందంటే ఇక్కడే పోతుంది, తర్వాత ఎంత సర్దినా పూలు నలిగినట్టే కనిపిస్తాయి. గీత గీసేముందు ఒకసారి లేచి నిలబడి చూసుకోండి.

1:50 నడిమి పువ్వు. నడిమి వరుసలో 5వ చుక్క కేంద్రం. చుట్టూ ఉన్న ఆరు చుక్కల దాకా ఆరు రేకులు.

2:30 చుట్టూ ఆరు పూలు. నడిమి వరుసలో 2వ, 8వ చుక్కలు, పైనా కిందా ఉన్న 6 చుక్కల వరుసల్లో 2వ, 5వ చుక్కలు వీటి కేంద్రాలు. రేకులు అదే పద్ధతి. ఒక పువ్వు రేకు పక్క పువ్వు రేకుకి తగలదు.

4:05 మిగిలిన చుక్కలు 12. పూల మధ్య లోపలివైపు ఆరు ఉంటాయి, వాటి మీద ఆకులు.

4:40 బయటి అంచున ఆరు మిగులుతాయి: 7 చుక్కల వరుసల చివర్లు, 5 చుక్కల వరుసల నడిమి చుక్క. అక్కడ ప్రమిదలు, మొన బయటికి.

5:15 రంగులు. వడపోతలో కొంచెం పోసి రేకు మీద తట్టండి. గీత మీద పడ్డ రంగుని చీపురు పుల్లతో లోపలికి లాగి, గీతని మళ్లీ ముగ్గుతో ఒకసారి దిద్దాలి. నడిమి పువ్వుకి రంగు వెయ్యలేదు. అది గొబ్బెమ్మ చోటు, గుమ్మడి పువ్వు పెట్టాక ఆ పసుపు ముందు ఏ రంగూ నిలవదు.

6:10 ఉలన్ తోరణం
కష్టం: తేలిక, పిల్లలూ చెయ్యొచ్చు. కత్తెర పని మాత్రం పెద్దవాళ్లు చూసుకోండి. సమయం: దాదాపు 2 గంటలు, టీవీ చూస్తూ చేసుకునే పనే. స్టెప్పులు: 4. కావలసినవి: పసుపు, నారింజ ఉలన్ ఉండలు, ఆకుపచ్చ ఫెల్ట్ గుడ్డ, దబ్బనం, ఐదడుగుల పురికొస.

నాలుగు వేళ్ల చుట్టూ 60 చుట్లు చుట్టి, తీసి, నడుమ గట్టిగా ముడి వెయ్యండి. రెండు వైపులా కొసలు కత్తిరించి గుండ్రంగా దులిపితే బంతిపువ్వు. ముడి వదులైతే పువ్వు ఊడి చేతికొస్తుంది, అందుకే రెండు ముళ్లు. గుడ్డతో మామిడాకులు కత్తిరించుకుని, పువ్వు, ఆకు, పువ్వు వరసలో పురికొసకి గుచ్చాలి. మూడడుగుల గుమ్మానికి 11 పూలు, 10 ఆకులు చాలు. మేకులకు కట్టడానికి అటూ ఇటూ జానెడు తాడు వదలండి.

కనుమకి వేసే రథం ముగ్గు వచ్చే వీడియోలో. దాని తాడు పక్కింటి ముగ్గు దాకా లాగాలి కాబట్టి వాళ్లకి ఇప్పుడే చెప్పి ఉంచండి.