లీజు ఒప్పందంలో 6వ షరతు: అనుమతులు వచ్చాకే అద్దె

6.1 ఈ లీజు కింద ఇస్తున్న గ్రౌండ్ ఫ్లోరు, దానిపైనున్న మెజనైన్‌లను అద్దెదారు 60 సీట్ల రెస్టారెంటు కోసమే తీసుకుంటున్నారు. అనుమతులు రాకపోతే ఈ స్థలం వారికి ఎందుకూ పనికిరాదన్న సంగతి యజమానికి తెలుసు. కాబట్టి ఆహార వ్యాపార లైసెన్సు, ట్రేడ్ లైసెన్సు, అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ, వంటగది ఎగ్జాస్ట్ డక్ట్‌ను డాబాపైకి తీసుకెళ్లే అనుమతి, ఈ నాలుగూ రాతపూర్వకంగా జారీ అయ్యేదాకా అద్దె మొదలు కాదు. తనిఖీకి వచ్చిన అధికారి నోటిమాటగా సరేనన్నంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు. బార్ లైసెన్సు ఈ నాలుగింటిలో లేదు. అది రాకపోయినా అద్దె ఆగదు.

6.2 తాళాలు అందిన 15 రోజుల్లోగా అద్దెదారు అన్ని దరఖాస్తులూ పెట్టాలి. ఫీజులు వారివే. శాఖలు అడిగిన వివరాలకు 7 రోజుల్లో జవాబివ్వాలి. ప్రతి రసీదు, ప్రతి లేఖ కాపీ 3 రోజుల్లో యజమానికి పంపాలి. ఆలస్యం ఎవరిదన్న తగాదా వస్తే మాటలతో కాక, ఈ కాగితాలతోనే తేల్చుకోవాలని ఇరువురూ ఒప్పుకున్నారు.

6.3 ఆమోదిత ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, ఆస్తి పన్ను రసీదు, అవసరమైన సంతకాలు అద్దెదారు అడిగిన 7 రోజుల్లో యజమాని ఇవ్వాలి. ప్లానుకు మించి కట్టిన భాగం, రెండో మెట్లదారి లేకపోవడం లాంటి భవనం లోపాల వల్ల అనుమతి ఆగితే, యజమాని తన ఖర్చుతో సరిచేయించాలి.

6.4 నాలుగింటిలో చివరి అనుమతి జారీ అయిన 30 రోజులకు గానీ, తొలి కస్టమరుకు బిల్లు ఇచ్చిన రోజున గానీ, ఏది ముందైతే ఆ రోజు నుంచి అద్దె మొదలవుతుంది. సిబ్బంది శిక్షణ కోసం డబ్బు తీసుకోకుండా వడ్డించినది ఇందులోకి రాదు. ఉదాహరణకు, చివరి అనుమతి మార్చి 10న జారీ అయి, అప్పటికి రెస్టారెంటు తెరవకపోతే, అద్దె ఏప్రిల్ 9న మొదలవుతుంది. ఏప్రిల్‌కు 22 రోజుల అద్దె మాత్రమే కట్టాలి. కరెంటు, నీటి బిల్లులు మాత్రం తాళాలు అందిన రోజు నుంచే అద్దెదారువి. 9 ఏళ్ల లీజు కాలాన్ని కూడా అద్దె మొదలైన రోజు నుంచే లెక్కిస్తారు.

6.5 అద్దెదారు 6.2లోని గడువులు దాటడం వల్ల అనుమతి ఎన్ని రోజులు ఆలస్యమైతే, అద్దె అన్ని రోజుల ముందే మొదలైనట్టు లెక్క.

6.6 తాళాలు అందిన 150 రోజులకు కూడా నాలుగు అనుమతులూ రాకపోతే, 15 రోజుల నోటీసుతో ఎవరైనా లీజు రద్దు చేసుకోవచ్చు. అయితే ఎవరి తప్పు వల్ల అనుమతి ఆగిందో వారికి ఈ హక్కు ఉండదు. నోటీసు గడువులోగా అనుమతులన్నీ వస్తే ఆ నోటీసు చెల్లదు. రద్దయితే అద్దెదారు స్థలం ఖాళీ చేసి తాళాలివ్వాలి; ఆ రోజు నుంచి 30 రోజుల్లో యజమాని అడ్వాన్సు తిరిగివ్వాలి. అందులోంచి బాకీ ఉన్న కరెంటు, నీటి బిల్లులు తప్ప మరేదీ కోయకూడదు. భవనం లోపమే కారణమైతే, అద్దెదారు కట్టిన దరఖాస్తు ఫీజులు కూడా యజమానే చెల్లించాలి.