అమ్మ వైపు, నాన్న వైపు: చుట్టరికపు పిలుపులు, వాటికి దగ్గరి ఇంగ్లీషు మాటలు

వేసవి సెలవులకు ఊరికి వెళ్లబోతున్న మన ఆదివారం తెలుగు బడి పిల్లల కోసం ఈ పాఠాన్ని వాక్యాల్లోనే రాస్తున్నాను. రెండు నిలువు గీతలు గీసి తెలుగు మాట ఒక పక్క, ఇంగ్లీషు మాట ఒక పక్క వేయడం తేలికే. అలాంటి కాగితం పట్టుకొని నిరుడు వెళ్లిన ఒక అమ్మాయి, కజిన్ అన్న మాటకు ఎదురుగా అన్నయ్య అని ఉంది కదా అని, మేనత్త కొడుకును అందరి ముందు అన్నయ్యా అని పిలిచింది. గారెలు వేస్తున్న నానమ్మ చిల్లుల గరిటెతో సహా వంటింట్లోంచి బయటికి వచ్చి, "అన్నయ్యేమిటే, బావ!" అని దిద్దిందట.

అమ్మ వైపు

అమ్మ తల్లి అమ్మమ్మ, తండ్రి తాతయ్య. వీరికి గ్రాండ్‌మదర్, గ్రాండ్‌ఫాదర్ సరిపోతాయి గాని, ఏ వైపు వారో ఆ మాటల్లో తెలియదు. అమ్మకు అక్క అయితే పెద్దమ్మ, కొన్ని ఇళ్లలో దొడ్డమ్మ. చెల్లెలైతే పిన్ని లేదా చిన్నమ్మ. ఇద్దరికీ ఇంగ్లీషులో ఆంట్ ఒక్కటే. పెద్దమ్మ భర్త పెదనాన్న, పిన్ని భర్త బాబాయి; ఇద్దరూ అంకుల్ కిందికే వస్తారు. వీరి పిల్లలను కజిన్స్ అనవచ్చు గాని, తెలుగులో వారు వయసును బట్టి అన్నయ్య, అక్క, తమ్ముడు, చెల్లి అవుతారు. అంటే తోబుట్టువుల లెక్కే, వారితో పెళ్లి మాట ఎవరూ ఎత్తరు.

అమ్మకు అన్న అయినా తమ్ముడైనా మేనమామే. పిలిచేటప్పుడు మామయ్య అంటాం, ఒకరికంటే ఎక్కువమంది ఉంటే పెద్దమామయ్య, చిన్నమామయ్య అని వేరు చేస్తాం. ఇంగ్లీషులో ఈయనా అంకులే; అయితే పెళ్లికూతురిని బుట్టలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి మోసుకువచ్చే మనిషికి ఆ మాట మరీ పలచన అని నా అభిప్రాయం. ఆయన భార్య అత్తయ్య, అంటే మళ్లీ ఆంట్. వారి పిల్లల్లో మనకంటే పెద్దవాళ్లు బావ, వదిన. చిన్నవాళ్లలో ఆడపిల్ల మరదలు; మగపిల్లవాడు అబ్బాయిలకు బావమరిది, అమ్మాయిలకు మరిది.

నాన్న వైపు

నాన్న తల్లి నానమ్మ. తెలంగాణలో బాపమ్మ అని, కోస్తాలో చాలా ఇళ్లలో మామ్మ అని, రాయలసీమలో జేజి అని కూడా వింటారు. నాన్న తండ్రి ఇక్కడా తాతయ్యే. నాన్నకు అన్న పెదనాన్న. తమ్ముడు బాబాయి లేదా చిన్నాన్న. వారి భార్యలు పెద్దమ్మ, పిన్ని. అమ్మ వైపు వచ్చిన మాటలే మళ్లీ వచ్చాయని పిల్లలు తికమక పడతారు, కానీ లెక్క సరిగ్గానే ఉంది: నాన్న అన్నదమ్ములు నాన్నలాంటివారు, అమ్మ అక్కచెల్లెళ్లు అమ్మలాంటివారు కాబట్టి, వారి పిల్లలు ఏ వైపువారైనా మనకు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లే.

నాన్నకు తోడబుట్టిన ఆడవారు, పెద్దవారైనా చిన్నవారైనా, మేనత్తలు. వారి భర్తలు మామయ్యలు. వీరి పిల్లలు మేనమామ పిల్లల మాదిరిగానే బావలు, వదినలు, మరదళ్లు. కాబట్టి కజిన్ అన్న మాట వినగానే ముందు అడగవలసింది అమ్మ వైపా, నాన్న వైపా అని కాదు. వాళ్ల అమ్మానాన్నల్లో ఒకరు, మన అమ్మానాన్నల్లో ఒకరు తోబుట్టువులు కదా, ఆ ఇద్దరూ అక్కాచెల్లెళ్లో అన్నదమ్ములో, లేక అక్కాతమ్ముళ్లో అన్నాచెల్లెళ్లో అని. అమెరికా పండితుడు లూయీ హెన్రీ మోర్గన్ 1871లో అచ్చువేసిన బంధుత్వ పట్టికల్లో తమిళ, కన్నడ పదాలతో పాటు మన తెలుగు పిలుపులు కూడా ఉన్నాయి.

మేన అన్న ముక్క కింది తరానికీ దిగుతుంది. మగవాడికి అక్కచెల్లెళ్ల పిల్లలు, ఆడమనిషికి అన్నదమ్ముల పిల్లలు మేనల్లుడు, మేనకోడలు. నెఫ్యూ, నీస్ వీరికి దగ్గరి మాటలు. అదే మగవాడికి అన్నదమ్ముల పిల్లలు, ఆడమనిషికి అక్కచెల్లెళ్ల పిల్లలు అయితే కొడుకు, కూతురు అనే అంటాం, ఇంగ్లీషు మాత్రం వారినీ నెఫ్యూ, నీస్ అనే అంటుంది. పెళ్లయ్యాక భార్య లేదా భర్త తల్లిదండ్రులను కూడా అత్తగారు, మామగారు అనడం మేనరికాలు చేసుకున్న కాలపు గుర్తు. వారికి మదర్-ఇన్-లా, ఫాదర్-ఇన్-లా ఉన్నాయి. అల్లుడి లేదా కోడలి తల్లిదండ్రులైన వియ్యపురాలికీ వియ్యంకుడికీ, అక్కచెల్లెళ్ల భర్తలైన తోడల్లుళ్లకూ ఇంగ్లీషులో ఒక్క మాటలో పేరు లేదు. వారిని తెలుగులోనే చెప్పి, ఎవరి వైపు ఎవరో ఒక వాక్యంలో వివరించండి.