బస్సు ఆగినా మనం ఎందుకు ఆగం? – గమన నియమాలు

తిరుపతి నుంచి చంద్రగిరి వెళ్లే బస్సులో మీరు నిలబడి ప్రయాణిస్తున్నారనుకోండి. బస్సు వేగం గంటకు 36 కిలోమీటర్లు, అంటే సెకనుకు 10 మీటర్లు. రోడ్డుకు అడ్డంగా ఆవు రావడంతో డ్రైవరు గట్టిగా బ్రేకు వేయగానే అందరూ ముందుకు తూలుతారు. ఈ తూలడానికి కారణం ‘ముందుకు తోసే బలం’ అని చాలామంది విద్యార్థులు సమాధానం రాస్తారు. అలాంటి బలమేదీ అక్కడ లేదు.

బ్రేకు వేయకముందు బస్సుతోపాటు మీ శరీరం కూడా సెకనుకు 10 మీటర్ల వేగంతోనే కదులుతోంది. బ్రేకు పడినప్పుడు బస్సు నేల ఘర్షణ ద్వారా మీ పాదాలను ఆపుతుంది గానీ, నడుముపై భాగాన్ని ఆపే బలం వెంటనే అందదు కనుక, అది తన పాత వేగంతోనే ముందుకు సాగుతుంది. ఫలిత బలం పనిచేయనంత వరకు నిశ్చల స్థితిలోని వస్తువు నిశ్చలంగానూ, చలనంలోని వస్తువు అదే వేగంతో సరళరేఖలోనూ కొనసాగుతుందని చెప్పే మొదటి నియమం ఇదే. స్థితి మార్పును ఎదిరించే ఈ గుణమే జడత్వం. తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు ఎడమకు మలుపు తిరిగినప్పుడు మనం కుడివైపుకు ఒరగడం కూడా జడత్వమే: బస్సు దిశ మార్చుకుంది, మన శరీరం పాత దిశలోనే వెళ్లబోయింది.

మరి మిమ్మల్ని ఆపడానికి ఎంత బలం కావాలి? దీనికి సమాధానం రెండవ నియమం ఇస్తుంది: F = ma. మీ ద్రవ్యరాశి 40 కిలోగ్రాములు అనుకుందాం. కడ్డీ పట్టుకుని బస్సుతోపాటు 2 సెకన్లలో ఆగితే రుణ త్వరణం 5 m/s², కావలసిన సగటు బలం 200 న్యూటన్లు. పట్టు లేక ముందు సీటుకు కొట్టుకుని 0.1 సెకనులో ఆగితే అదే బలం 4,000 న్యూటన్లు. వేగంలో మార్పు రెండు సందర్భాల్లోనూ ఒకటే. సమయం తగ్గినందువల్ల బలం ఇరవై రెట్లయింది. కారులో సీటు బెల్టు, ఎయిర్ బ్యాగు చేసే మేలు ఆగే సమయాన్ని పెంచడమే.

బస్సును ఆపే బలం ఎక్కడిది? బ్రేకు చక్రాల భ్రమణాన్ని మాత్రమే తగ్గిస్తుంది. టైర్లు రోడ్డును ముందుకు నెడతాయి, రోడ్డు అంతే బలంతో టైర్లను వెనక్కి నెడుతుంది. ఇది మూడవ నియమం. ఈ చర్య, ప్రతిచర్యలు సమానమే అయినా ఒకటి రోడ్డు మీద, మరొకటి బస్సు మీద పనిచేస్తాయి కాబట్టి అవి ఒకదానినొకటి రద్దు చేసుకోవు. ఈ విషయాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోండి. వాన పడి ఘర్షణ సగానికి తగ్గితే రుణ త్వరణం కూడా సగమై, 10 మీటర్లలో ఆగవలసిన బస్సు 20 మీటర్ల వరకు వెళుతుంది.

అభ్యాసం: అదే తడి రోడ్డు మీద బస్సు సెకనుకు 20 మీటర్ల వేగంతో వెళుతుంటే ఎంత దూరంలో ఆగుతుందో v² = u² + 2as ఉపయోగించి లెక్కించండి.