చిన్నా, ఇదీ ఈ వేసవి టైమ్ టేబుల్ (ఫ్రిజ్ మీంచి పీకొద్దు)

ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా, లెక్కేస్తే సరిగ్గా 49 రోజులు. పోయినేడు నేను రంగు రంగుల స్కెచ్ పెన్నులతో పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా అరగంటకో పని చొప్పున రాసి అంటించాను, అది నాలుగో రోజుకే మూలపడింది. తప్పు నీది కాదు, నాదే. అందుకే ఈసారి రోజుకి మూడే మూడు కట్టుబాట్లు: పొద్దున పని, పదకొండు లోపు చదువు, మధ్యాహ్నం ఇంట్లో ఉండటం. మిగతా టైమంతా నీదే.

పొద్దున 6 గంటలకి. మిద్దె మీద పడుకుంటాం కాబట్టి ఎండే నిన్ను లేపుతుంది, నేను అరవక్కర్లేదు. చాపలు, దుప్పట్లు చుట్టి కిందకి తేవడం నీ పని, దిండ్లు చెల్లి తెస్తుంది. మొక్కలకి ఏడు లోపే నీళ్లు పోయాలి, ఎండెక్కాక పోస్తే సగం ఆవిరైపోతాయి. పిట్టలకి పెట్టిన మట్టి మూకుడులో నిన్నటి నీళ్లు పారబోసి కొత్తవి పొయ్యి, లేకపోతే అందులో దోమలు గుడ్లు పెడతాయి. తర్వాత పాల ప్యాకెట్లు తేవాలి. సోమవారం నీకు 500 ఇస్తాను, వారమంతా పాలు, కొత్తిమీర, నిమ్మకాయలు, చిల్లర సరుకులు ఆ డబ్బులోంచే, పద్దు రాసి ఆదివారం నాన్నకి చూపించాలి. మిగిలింది నీ డిబ్బీలోకి. తగ్గితే ఎక్కడ తగ్గిందో నువ్వే వెతుక్కోవాలి. సెలవుల హోంవర్కులో ఇచ్చిన లెక్కల కంటే నాకు ఈ లెక్క ముఖ్యం, స్కూల్లో మాత్రం ఈ మాట చెప్పకు.

ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో షటిల్, నాన్న దింపుతాడు. వచ్చాక స్నానం, టిఫిను. సోమ, గురువారాలు చద్దన్నంలో మజ్జిగ పోసుకుని ఉల్లిపాయ నంజుకోవడమే, మూతి ముడుచుకోకు. శనివారం కారం దోశ, కానీ పెనం దగ్గర నిలబడేది నువ్వు. మొదటి రెండూ చిరిగిపోతాయి, వాటిని నేను తింటాలే.

తొమ్మిదిన్నర నుంచి పదకొండు, చదువు. గంటన్నరే, అదీ మధ్యలో పది నిమిషాలు లేచి తిరగొచ్చు. ఏడో తరగతి పుస్తకాలు ముందే తెచ్చి రుద్దే ఉద్దేశం నాకు లేదు. ఆరులో నీకు ఎక్కడ తడబాటుందో మనిద్దరికీ తెలుసు, భిన్నాలు. రోజుకి ఐదు లెక్కలు చాలు, పదిహేను చేసి అన్నీ తప్పు చేయడం కంటే ఐదు చేసి ఎందుకు తప్పయిందో తెలుసుకోవడం మేలు. ఆ తర్వాత నాయనమ్మకి పేపరు పైకి చదివి వినిపించాలి, ఆమెకి కంటి ఆపరేషన్ అయ్యాక చిన్న అక్షరాలు ఆనడం లేదు కదా. ఒత్తులు మింగేస్తే ఊరుకోదు, నాకంటే గట్టి టీచరు. ఇంగ్లీషు కథల పుస్తకం వారానికొకటి గ్రంథాలయం నుంచి నువ్వే ఎంచుకుని తెచ్చుకో. బొమ్మలే ఎక్కువున్నా పర్వాలేదు.

పదకొండు నుంచి నీ రాకెట్టు పని. హాబీ ఒక్కటే పెట్టుకుందాం, పోయినేడు కీబోర్డు, చెస్సు, డ్రాయింగ్ మూడూ మొదలుపెట్టి మూడూ వదిలేశాం. పీఎస్‌ఎల్‌వీ అసలు ఎత్తు 44 మీటర్లు, అడ్డం 2.8 మీటర్లు. వందో వంతు చేస్తే 44 సెంటీమీటర్ల పొడవు, 2.8 సెంటీమీటర్ల గొట్టం కావాలి. అట్టతో చుట్టుకో. నాలుగు దశలకీ నాలుగు రంగులు వెయ్యి, ఒకటీ మూడూ ఘన ఇంధనం, రెండూ నాలుగూ ద్రవం, అది గుర్తుండేలా రంగులు ఎంచుకో. చంద్రయాన్-3 వెళ్లిన రోజు, 2023 జూలై 14, మధ్యాహ్నం రెండున్నర దాటాక మన మిద్దె మీద కాళ్లు కాలుతున్నా దిగనన్నావు, గుర్తుందా? ఈ సెలవుల్లో శ్రీహరికోటలో ప్రయోగం ఏదైనా ఉంటే ఆ రోజు టైమ్ టేబుల్ రద్దు.

పన్నెండు నుంచి నాలుగున్నర దాకా గడప దాటొద్దు. ఇందులో బేరం లేదు. రోహిణి కార్తె వచ్చేసరికి ఇక్కడి వడగాలి ఎలా ఉంటుందో నీకు నేను చెప్పేదేముంది. అన్నం తిన్నాక నీ కంచం నువ్వే కడగాలి, కుండలో నీళ్లు నింపాలి, ఉతికిన బట్టల్లో నీవి నువ్వు మడతపెట్టుకోవాలి. "మగపిల్లోడితో ఆ పనులేంటే" అని నాయనమ్మ అంటుంది, నువ్వు నవ్వి మడతపెట్టుకో, ఆమెతో నేను మాట్లాడతాను. ఒకటిన్నర నుంచి మూడున్నర దాకా ఆమె నిద్రపోతుంది, కాబట్టి చప్పుడు ఉండకూడదు. నువ్వు నిద్రపోవాలని లేదు. చెల్లితో అష్టాచెమ్మా ఆడు, చదువు, గోడకేసి చూస్తూ కూర్చో. "బోర్ కొడుతుందమ్మా" అని ఆఫీసుకి ఫోన్ చేయొద్దు, బోర్ కొట్టడం కూడా సెలవుల్లో భాగమే.

ఫోను మూడున్నర నుంచి నాలుగున్నర. కరెంటు పోయి వైఫై లేకపోతే ఆ గంట పోయినట్టే, రేపటికి కలపను. ఐపీఎల్ సంగతి విడిగా మాట్లాడుకున్నాం: శని, ఆదివారాలు మ్యాచ్ చివరి దాకా, మిగతా రోజులు మొదటి ఇన్నింగ్స్ వరకే. మొదటి ఇన్నింగ్స్ ఎప్పుడైపోతుందో నాకూ తెలుసు.

ఐదు నుంచి ఏడు ఆట. సైకిలు మన వీధి, వెనక వీధి, గుడి దాకా. పెన్న దగ్గరకి మాత్రం నాన్న లేకుండా వెళ్లొద్దు, స్నేహితులందరూ వెళ్తున్నా సరే. పైకి ఇసుకే కనిపిస్తుంది, తవ్విన గుంతల్లో నీళ్లు ఎంత లోతున్నాయో గట్టు మీంచి తెలియదు.

ఇంకో మాట. వారానికి రెండు డుమ్మాలు నీకు హక్కు. కారణం చెప్పక్కర్లేదు, పొద్దున్నే "ఈరోజు డుమ్మా" అంటే చాలు, చదువూ షటిలూ రెండూ మాఫీ. మొక్కలకీ పిట్టలకీ మాత్రం డుమ్మా లేదు, వాటికి దాహం ఆగదు. ఆదివారాలు ఆ నీళ్లు పోయడం, పద్దు చూపించడం, స్నానం తప్ప అసలు ఏమీ లేదు. ఒక ఆదివారం తెల్లవారుజామునే మైపాడు వెళ్లి ఎండెక్కేలోపు తిరిగొద్దాం, ఆ రోజు మామిడికాయ వేసి చేపల పులుసు. సగం మర్నాటికి దాచాలి, రాత్రే గిన్నె నాకేయొద్దు.

మే 15 నుంచి 25 దాకా ఉలవపాడు, అమ్మమ్మ దగ్గర. అక్కడ ఈ కాగితం చెల్లదు. మామిడి తోటలో ఎంతసేపైనా ఉండు, టోపీ, నీళ్ల సీసా ఉంటే చాలు. బావిలో దిగడం మామయ్య పక్కనుంటేనే. పద్దు పుస్తకం మాత్రం పట్టుకెళ్లు, తాత పళ్లు పెట్టెలకెత్తేటప్పుడు ఎన్ని పెట్టెలు, ఎంత ధర అన్నది నువ్వు రాసిపెట్టు, ఆయనకి ఆ రాసే పని చిరాకు.

జూన్ 9 నుంచి రాత్రి తొమ్మిదిన్నరకే పడక, లేకపోతే 12న స్కూలుకి లేవలేవు. పుస్తకాలకి అట్టలు ఆ మూడు రోజుల్లోనే వేద్దాం.

నీకు నచ్చనిది ఉంటే ఇవాళ రాత్రి అన్నాల దగ్గర చెప్పు, కొట్టేసి తిరగరాస్తాను. రంగులు వేసుకుంటానంటే వేసుకో, స్కెచ్ పెన్నులు టీవీ కింద సొరుగులో ఉన్నాయి. అంకెల మీద మాత్రం వేయకు, పోయినసారి అలాగే 7ని 9 చేశావు.

అమ్మ